జీతం రోజు దాకా కన్సోల్ పక్కన పెట్టమని షాపు యజమానికి ఎలా రాయాలి

ప్రశ్న: అన్నా, నాది పర్లాకిమిడి. పోయిన ఆదివారం బరంపురంలో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ పీఎస్4 స్లిమ్ చూశాను, 18,500 చెప్పారు. నాకు జీతం 7న పడుతుంది, ఇవాళ 21. ఇప్పుడు 1,500 ఇవ్వగలను. ఓనర్‌కి వాట్సాప్‌లో ఇలా పంపుదామనుకుంటున్నా: "అన్నా, ఆ ప్లేస్టేషన్ ఎవరికీ ఇవ్వకండి, జీతం రాగానే తీసుకుంటా, కొంచెం అడ్వాన్స్ ఇస్తా ప్లీజ్." సరిపోతుందా? మా బావ ఒకసారి ఇలాగే అడ్వాన్స్ ఇచ్చి పోగొట్టుకున్నాడు, అందుకే భయంగా ఉంది.

సమాధానం:

తమ్ముడూ, రాయగడలో నాది పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, గేమ్ కన్సోళ్ళు కొని అమ్మే షాపు. 14 ఏళ్ళుగా కౌంటర్ వెనకే ఉన్నాను. నువ్వు రాసినలాంటి మెసేజ్ నాకు నెలాఖర్లో తప్పకుండా వస్తుంది. ఇటు గుణుపురం నుంచీ వస్తుంది, అటు రైలెక్కి వచ్చే పార్వతీపురం పిల్లల దగ్గర్నుంచీ వస్తుంది. కొన్నిటికి వెంటనే సరే అంటాను. కొన్నిటికి "చూద్దాంలే" అని ఊరుకుంటాను. నీ మెసేజ్ ఇలాగే పంపితే "చూద్దాంలే" అనే జవాబే వస్తుంది. నువ్వు అడగకూడనిది అడిగావని కాదు. ఆయనకి కావలసిన ఒక్క మాట అందులో లేదు.

ఆ మాట ఏంటంటే, నువ్వు రాకపోతే ఆ వస్తువు ఎప్పుడు, ఏ గంటకి మళ్ళీ ఆయన చేతికి వస్తుంది అన్నది.

వస్తువు ఆపమని అడిగేవాళ్ళంతా తాము తప్పకుండా వస్తామని నమ్మించడానికే చూస్తారు. "ప్రామిస్ అన్నా", "పక్కా అన్నా" అని రాస్తారు. నమ్మకం లేక మేం వెనకాడం, నిజంగా చెబుతున్నాను. పదిహేను, ఇరవై రోజులు ఆగడం కూడా పెద్ద సంగతి కాదు. లెక్క చూడు. 18,500 మీద నూటికి రెండు రూపాయల వడ్డీ వేసుకున్నా నెలకి 370. 21 నుంచి 10 దాకా ఇరవై రోజులకి 250 లోపే. పాత సరుకు మీద లాభం చూసుకునే వ్యాపారికి అది భరించలేని బరువేం కాదు. అసలు బాధ ఎక్కడంటే, ఈ మధ్యలో ఇంకొకరు నగదు పట్టుకుని వచ్చి అడిగితే ఏం చెప్పాలో తెలియకపోవడం. "ఇది బుక్ అయిపోయింది, 10వ తేదీ దాటితే చెబుతాను, నంబరు ఇచ్చి వెళ్ళండి" అని చెప్పగలిగితే ఆ రెండో మనిషి కూడా పోడు. తేదీ లేకపోతే ఆ మనిషినీ పోగొట్టుకుంటాం, నీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాం.

నాకు జరిగింది చెబుతాను. రెండేళ్ళ కిందట దసరాకి ముందు ఒక కుర్రాడు వచ్చి ఒక ఎక్స్‌బాక్స్ చూసి, వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి, "జీతం రాగానే వస్తాను" అన్నాడు. నేనూ సరే అన్నాను. తేదీ అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ నెల వాళ్ళ కంపెనీలో జీతాలు ఆలస్యమయ్యాయట. దసరా వారంలో ఇద్దరు అదే బాక్స్ అడిగారు, ఒకరైతే రేటు కూడా బేరమాడలేదు. మాటిచ్చాను కదా అని ఇవ్వలేదు. కుర్రాడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి దీపావళి అయ్యాక వచ్చాడు. వేరేచోట కొనేసుకున్నాడు, వెయ్యి తిరిగిమ్మన్నాడు. "నీ వల్ల సీజన్ పోయింది" అని నేను, "నేను ఇస్తానన్న తేదీ ఏమైనా చెప్పానా" అని అతను. అతను అన్నదీ నిజమే. 500 ఇచ్చి పంపాను. అతనికి నా మీద కోపం, నాకు అతని మీద కోపం మిగిలింది. ఆ రోజు కాగితం ముక్క మీద ఒక తేదీ రాసుకుని ఉంటే ఇద్దరికీ ఆ బాధ ఉండేది కాదు. మీ బావగారి సంగతి కూడా ఇలాంటిదే అయి ఉంటుందని నా అనుమానం. అడ్వాన్స్ ఇచ్చినప్పుడు, రాకపోతే అది ఏమవుతుందో ఎవరూ మాట్లాడుకుని ఉండరు.

అందుకని ముందు ఆ 1,500 ఏ పేరు మీద ఇస్తున్నావో తేల్చుకో. మనవాళ్ళు అన్నిటినీ అడ్వాన్స్ అనేస్తారు గానీ అందులో రెండు రకాలున్నాయి. ఒకటి బయానా, పాతకాలం వాళ్ళు సంచకారం అనేవారు. బేరం ఖాయమైందనడానికి గుర్తుగా ఇచ్చేది. కొనేవాడు మాట తప్పితే అది పోతుందనే అర్థంలోనే ఇస్తారు. రెండోది ధరలో కొంత ముందుగా కట్టడం. బేరం చెడితే మామూలుగా అది తిరిగి రావాలి, అమ్మేవాడికి నిజంగా నష్టం వస్తే ఆ మేరకు పట్టుకోవచ్చు. "కొంచెం అడ్వాన్స్" అని రాస్తే ఆయన దాన్ని బయానా అనుకుంటాడు, నువ్వు ముందు కట్టిన సొమ్ము అనుకుంటావు. గొడవంతా ఆ సందులోంచే పుడుతుంది.

ఇక్కడ చట్టం సంగతి ఒక్కటి తెలుసుకుంటే చాలు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం, బదులుగా ఏమీ తీసుకోకుండా ఊరికే ఇచ్చిన మాట మామూలుగా కట్టుబడే ఒప్పందం కాదు, 25వ సెక్షన్‌లో చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప. అంటే ఆయన "సరే, ఉంచుతాలే" అని ఉత్తినే అంటే రేపు అమ్మేసినా నువ్వు గట్టిగా అడగలేవు. నీ దగ్గర 1,500 తీసుకుని సరే అన్నాడంటే అప్పుడు అది ఒప్పందం. వాట్సాప్‌లో కుదిరిందైనా చెల్లుతుంది. కాబట్టి ఆ డబ్బు ఆయన్ని బతిమాలుకోవడానికి ఇచ్చేది కాదు, ఆయన మాటకి బలం తెచ్చేది. అది తెలిస్తే నీ మెసేజ్‌లో ఆ "ప్లీజ్"కి పనే ఉండదు.

1,500 సరిపోతుందా అంటే, 18,500కి అది ఎనిమిది శాతం. మామూలు రోజుల్లో నేనైతే ఒప్పుకుంటాను. ఐదు శాతం కంటే తక్కువైతే, అంటే నీ లెక్కలో 900 లోపైతే, ఆ కుర్రాడు మనసు మార్చుకున్నా పోయేదేం లేదు కదా అనిపిస్తుంది. సగం ధర కట్టమని ఎవరైనా అడిగితే మాత్రం నువ్వే ఆగు. పాత వస్తువుకి, చూడకుండా ఇరవై రోజులు అంత డబ్బు ఒకరి దగ్గర ఉంచడం మంచిది కాదు. ఒక్క మాట: దసరా ముందు గానీ, బరంపురంలో ఠాకురాణి యాత్ర జరిగే సంవత్సరం ఆ నెలలో గానీ అయితే ఈ లెక్క మారిపోతుంది. అప్పుడు ఇరవై రోజులు అడగొద్దు. వారం అడుగు, లేదా ఇంకో వెయ్యి కలుపు.

ఇక మెసేజ్. నీ స్థానంలో నేనుంటే ఇలా పంపుతాను:

"నమస్తే అన్నా. పోయిన ఆదివారం మధ్యాహ్నం పర్లాకిమిడి నుంచి వచ్చి మీ దగ్గర పీఎస్4 స్లిమ్ 1టీబీ, రెండు కంట్రోలర్ల సెట్ చూశాను. మీరు 18,500 అన్నారు, ఆ రేటు నాకు సమ్మతమే. నాకు జీతం 7న పడుతుంది. ఇప్పుడు 1,500 మీ షాపు నంబరుకి ఫోన్‌పే చేస్తాను. మిగతా 17,000 వచ్చే నెల 10 సాయంత్రం 6 గంటల్లోపు షాపుకి వచ్చి కట్టి తీసుకెళ్తాను. అప్పటిదాకా అదే పీస్ పక్కన పెట్టగలరా? ఆ టైముకి నేను రాకపోతే మీరు వేరేవాళ్ళకి అమ్ముకోండి, 500 ఉంచుకుని 1,000 నాకు తిరిగి వేయండి. మీ వైపు నుంచి ఇవ్వడం కుదరకపోతే 1,500 మొత్తం తిరిగి ఇవ్వాలి. పూర్తి డబ్బు కట్టేదాకా వస్తువు మీదే, మీ దగ్గరే ఉంటుంది. కుదిరితే 'సరే' అని పెట్టండి, ఒక్క వీడియో చూసి వెంటనే డబ్బు వేస్తాను. కుదరకపోయినా పర్లేదు, చెప్పండి."

కంట్రోలర్లు రెండో ఒకటో, స్టోరేజ్ ఎంతో, నువ్వు చూసినదాన్ని బట్టి మార్చుకో. ఓనర్ తెలుగువాడు కాకపోతే "భాయినా" అని మొదలుపెట్టి నీకొచ్చిన ఒడియాలోనో హిందీలోనో రాయి, గానీ అంకెలూ తేదీలూ ఇవే ఉండాలి. పొడుగ్గా ఉందని కంగారు పడకు. కౌంటర్ దగ్గర రద్దీలో ఉన్న మనిషికి చిన్న మెసేజ్ కంటే, ఒకే మాటతో జవాబివ్వగలిగే మెసేజ్ సుఖం. నీ పాత మెసేజ్ చదివితే ఆయన నాలుగు ప్రశ్నలు అడగాలి: ఏ పీసు, ఎంత అడ్వాన్సు, ఎప్పటిదాకా, రాకపోతే ఏంటి. అన్నీ టైపు చేసే ఓపిక లేక వదిలేస్తాడు.

జీతం 7న అయితే 10 ఎందుకు పెట్టానో చెప్పాలి. 7 అనేది నెల జీతం వేయడానికి చట్టం పెట్టిన ఆఖరి తేదీ, అందుకే చాలామంది సరిగ్గా ఆ రోజుదాకా ఆగుతారు. బ్యాంకుల మధ్య జీతాలు వెళ్ళే వ్యవస్థ 2021 ఆగస్టు నుంచి ఆదివారాలూ పనిచేస్తోంది గానీ, లిస్టు పంపాల్సిన అకౌంట్స్ మనిషి ఆదివారం ఆఫీసుకి రాడు కదా. పైగా నువ్వు పర్లాకిమిడి నుంచి బరంపురం వెళ్ళి రావడానికి ఒక పూట కావాలి. 7 అని రాసి 9న వెళితే మాట తప్పినవాడివి, 10 అని రాసి 8న వెళితే ఆయన సంతోషిస్తాడు. 10న ఆ షాపుకి వారపు సెలవేమో మాత్రం అడిగి తెలుసుకో.

500 ఆయనకి వదిలే వాక్యం చూసి నీకు మనసొప్పకపోవచ్చు. అదే ఈ మెసేజ్‌లో బలమైన వాక్యం, తీసేయకు. ముందు చెప్పిన లెక్కలో ఆయన వడ్డీ 250 లోపే కదా. 500 అంటే ఆ వడ్డీ పోను, వస్తువు ఇరవై రోజులు అడ్డంగా ఉన్నందుకు కొంత మిగులుతుంది. నష్టానికి సరిపడా నువ్వే చెప్పావు కాబట్టి మొత్తం 1,500 మింగేయాలన్న ఆలోచన ఆయనకీ రాదు. "కాదు, రాకపోతే మొత్తం పోతుంది" అంటే అదీ బేరమే, ఒప్పుకోవాలో వద్దో నీ ఇష్టం. ఏదైనా డబ్బు వేయకముందే తేలాలి.

"పూర్తి డబ్బు కట్టేదాకా వస్తువు మీదే" అన్న వాక్యం చాలామందికి అక్కర్లేనిదిగా కనిపిస్తుంది. 1930 సరుకుల అమ్మకపు చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ఫలానా వస్తువే అని గుర్తించి, అప్పగించడానికి సిద్ధంగా ఉన్నప్పుడు షరతులేమీ లేకుండా బేరం కుదిరితే, డబ్బు తర్వాత ఇస్తామన్నా ఆ వస్తువు అప్పుడే కొన్నవాడిది అయిపోతుంది. వస్తువు ఎవరిదైతే నష్టం కూడా మామూలుగా వారిదే. షాపులో షార్ట్ సర్క్యూట్ అయినా, పైకప్పు కారి నీళ్ళు పడినా "అది నీదే కదా, మిగతా 17,000 కట్టు" అనే వాదనకి చోటు ఇవ్వకూడదు. ఆ ఒక్క వాక్యం ఆ చోటు మూసేస్తుంది. ఆయనకీ మంచిదే, నువ్వు రాకపోతే ఇంకొకరికి అమ్ముకోవడంలో పేచీ ఉండదు.

ఆయన "సరే" అన్నాక వెంటనే డబ్బు వేయకు, ఒక్క వీడియో అడుగు. కన్సోల్ ఆన్ చేసి, తెర మీద మెనూ కనిపించేలా ఒకసారి, వెనకవైపు స్టిక్కర్ మీద సీరియల్ నంబరు కనిపించేలా ఒకసారి, ఇరవై సెకన్లు చాలు. ఆ నంబరు నువ్వు రాసి ఉంచుకో. ఎందుకింత పట్టింపో నా షాపులో జరిగినదాన్ని బట్టే చెబుతున్నాను. ఒకసారి బుక్ చేసిన బాక్స్‌ని నేను కౌంటర్ కింద పెట్టాను, దాని మీద ఏమీ అంటించలేదు. నేను భోజనానికి వెళ్ళినప్పుడు మా తమ్ముడు దాన్ని అమ్మేసి, వచ్చినవాడికి షెల్ఫ్‌లో ఉన్న ఇంకో పీసు ఇద్దామన్నాడు. రంగు అదే, మోడల్ అదే, గానీ దాని ఎడమ అనలాగ్ స్టిక్ తనంతట తానే పక్కకి జరుగుతుంది. కుర్రాడు అక్కడే పట్టేశాడు, నేను ఆ రోజు తలెత్తుకోలేకపోయాను. అప్పటి నుంచి బుక్ అయిన ప్రతి పెట్టె మీద పేరు, ఫోను, మిగతా బాకీ, తేదీ మార్కర్‌తో రాసిన తెల్ల టేపు అంటిస్తాను. నువ్వు కూడా "అన్నా, పెట్టె మీద నా పేరు, 10వ తేదీ రాసి ఒక ఫోటో పెట్టండి" అని అడుగు. చిన్న విషయమే గానీ షాపులో ఉన్న మిగతా కుర్రాళ్ళ నుంచి నీ వస్తువుని కాపాడేది ఆ టేపే.

ఆదివారం చూసినప్పుడు నీ సొంత ప్లేస్టేషన్ అకౌంట్‌తో అందులో సైన్ ఇన్ చేసి చూశావా? చూడకపోతే ఆ వీడియోలోనే, నెట్ కనెక్ట్ చేసి ఆయన అకౌంట్‌తోనైనా సైన్ ఇన్ అవుతుందేమో చూపించమను. పాత యజమాని చేసిన పనులకి కొన్ని కన్సోళ్ళని సోనీ తన నెట్‌వర్క్ నుంచి నిషేధిస్తుంది. అలాంటిది డిస్క్ ఆటలు ఆడుతుంది గానీ ఆన్‌లైన్‌కి వెళ్ళదు, స్టోర్ తెరవదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, రేటులో మాత్రం చాలా తేడా ఉండాలి. ఈ పరీక్ష డబ్బు వేయకముందే జరగాలి.

డబ్బు వేసేటప్పుడు షాపు కౌంటర్ మీద ఉన్న క్యూఆర్‌కో, ఆయన ఇచ్చిన నంబరుకో వేసి, తెర మీద వచ్చే పేరు షాపుదో ఆయనదో అవునా కాదా చూసుకో. నోట్ రాసే చోట `PS4 advance` అని పెట్టు. పేమెంట్ అయ్యాక అందులో 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది, దాన్ని అదే చాట్‌లో టైపు చేసి "1,500 వేశాను అన్నా, అందిందా" అని అడుగు. "అందింది" అన్న ఆయన జవాబు వచ్చేదాకా పని పూర్తి కాలేదనుకో. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. నకిలీ స్క్రీన్‌షాట్లు చూపించి మోసం చేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి మాలాంటివాళ్ళం స్క్రీన్‌షాట్‌ని నమ్మడం మానేశాం, మా ఖాతాలో పడ్డాకే నమ్ముతాం.

8వ తేదీ సాయంత్రానికి కూడా జీతం పడకపోతే 10 దాకా ఆగి చెప్పకు. అప్పుడే "అన్నా, జీతం ఆలస్యమైంది, 14 సాయంత్రం దాకా సమయం కావాలి, కావాలంటే ఇంకో 500 వేస్తాను" అని రాయి. గడువు లోపల వచ్చిన మెసేజ్‌కి నేను ఇప్పటిదాకా కాదనలేదు. గడువు దాటాక వచ్చిన మెసేజ్‌కి ఔనన్న సందర్భాలు తక్కువ, అప్పటికే నంబరు ఇచ్చి వెళ్ళిన రెండో మనిషికి ఫోన్ చేసేసి ఉంటాను. ఆయన 10లోపే అమ్మేసి, డబ్బూ తిరిగివ్వకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. ఈ చాటూ, యూటీఆరూ ఉంటే నీ మాట నిలబడుతుంది. కానీ మెసేజ్ ఇలా రాసుకున్నాక అంతదాకా వెళ్ళిన కేసు నేనైతే చూడలేదు.

ఇంకొక్కటి. ఈ మధ్యలో ఫోను మార్చినా, కొత్త సిమ్ వేసినా, యూపీఐ మళ్ళీ రిజిస్టర్ చేసిన మొదటి 24 గంటలు మామూలుగా 5,000 కంటే ఎక్కువ వెళ్ళదు. 17,000 కట్టాల్సిన రోజు బరంపురం కౌంటర్ ముందు నిలబడి ఆ సంగతి తెలుసుకోకూడదు. ముందురోజే చూసుకో, లేకపోతే ఏటీఎంలో తీసుకుని వెళ్ళు. వెళ్ళగానే రాసుకున్న సీరియల్ నంబరుతో స్టిక్కర్ సరిచూసి, ఒక డిస్క్ పెట్టి అరగంట ఆడించి, ఫ్యాను హోరు విని, రెండు కంట్రోలర్లూ పట్టుకుని చూసి, అప్పుడు కట్టు. బిల్లు మీద 1,500 ముందు అందినట్టు, ఇప్పుడు 17,000 అందినట్టు, సీరియల్ నంబరు, టెస్టింగ్ వారంటీ ఎన్ని రోజులో రాయించుకో. పాత వస్తువుకి మా దగ్గర మామూలుగా ఏడు రోజులు ఇస్తాం, ఆయన ఎన్ని ఇస్తాడో ఆ రోజు దాకా ఆగకుండా ఇప్పుడే ఈ చాట్‌లోనే అడిగేయి.